‘క’ జారిపోయిన పోస్టు

ఆవిడ అసలు పేరు ఆ వీధిలో చాలామందికి తెలియదు. అందరికీ ఆవిడ రిపేరక్క. బస్టాపు దాటాక జిరాక్సు షాపుకీ మందుల షాపుకీ మధ్య, ఇద్దరు నిలబడితే మూడోవాడు మెట్టు మీద ఉండాల్సినంత ఇరుకు గదిలో సెల్‌ఫోన్లు బాగుచేస్తుంది. వయసు నలభై ఆరు. పెళ్లయిన కొత్తలో సర్క్యూట్ బోర్డులు తయారుచేసే ఒక కంపెనీలో చేరి, పదకొండేళ్లు మైక్రోస్కోపు కింద తలవంచుకుని టంకం పెట్టింది. ఆ కంపెనీ మూతపడ్డప్పుడు తోటివాళ్లు ఏడుస్తూ ఇళ్లకెళ్లిపోతే, ఈవిడ మాత్రం సూపర్‌వైజరు దగ్గరకెళ్లి పాత మైక్రోస్కోపు ఒకటి ఇమ్మని అడిగి తెచ్చుకుంది. షాపు మొదలైంది దానితోనే.

చేతిపనికి వంక పెట్టినవాళ్లు లేరు. అయితే సగం రోజు చేతిపనిలో పోతే, మిగతా సగం నోటిపనిలో పోయేది. ఫోను బల్ల మీద పెట్టిన ప్రతి మనిషీ అవే ప్రశ్నలు అడుగుతాడు. డిస్‌ప్లే మారిస్తే ఫొటోలు పోతాయా? పైన అద్దమే కదా పగిలింది, అదొక్కటీ మార్చలేవా? రాత్రంతా చార్జింగ్‌లో ఉంచితే పేలుతుందంట కదా? ముప్పై శాతం చూపిస్తూనే ఆగిపోతోంది, వైరస్ పట్టిందా? రిపేరక్క ఎవరినీ విసుక్కోదు. అడిగినవాడికి అది మొదటిసారే కదా అని మళ్లీ మొదటినుంచి చెబుతుంది. ఎదురుగా బస్సుల హారన్లు, పక్కన జిరాక్సు మెషీన్ మోత. వాటిని దాటించాలంటే గొంతు పెంచాలి. అలా పెంచీ పెంచీ, ఒక ఏడాదిగా ఆవిడ గొంతు బొంగురుపోతూ వచ్చింది. ముందు జలుబన్నారు, తర్వాత దుమ్మన్నారు. చివరికి ఒకరోజు ఒక కస్టమరుకి కంపెనీది కాని కాపీ డిస్‌ప్లే గురించి చెబుతుండగా, మాట మధ్యలో గొంతు కీచుమని పోయింది. గాలి వస్తోంది గానీ మాట రావడంలేదు.

స్కూలు బస్సు నడిపే భర్త ఆ సాయంత్రమే డాక్టరు దగ్గరికి బలవంతంగా తీసుకెళ్లాడు. దారంతా ఆవిడకి గొంతు లేదు, ఆయనకి ధైర్యం లేదు. ఏడాదిగా బొంగురుపోయిన గొంతంటే ఇద్దరి మనసులోనూ ఒకటే భయం మెదులుతోంది, పైకి అనుకోవడం మాత్రం లేదు.

డాక్టరు ముక్కులోంచి సన్నటి కెమెరా గొట్టం దించి చూసింది. టీవీ తెర మీద మాట పలికించే రెండు తెల్లటి పట్టీలు, ఒక్కోదాని మీద ఒక చిన్న బుడిపె కనిపించాయి.

“భయపడకండి. మీరనుకునే జబ్బు కాదిది. గొంతు ఎక్కువ వాడి కాయలు కాశాయి, అరచేతుల్లో కాసినట్టే,” అంది డాక్టరు. “మూడు వారాలు మాట్లాడకూడదు. గుసగుసగా కూడా వద్దు, అది ఇంకా చెరుపు. తర్వాత కొన్ని కసరత్తులుంటాయి. ఇంతకీ రోజంతా అంత ఏం మాట్లాడతారమ్మా మీరు?”

రిపేరక్క చీటీ మీద రాసింది: ‘అవే పది మాటలు, నలభై మందికి.’

డాక్టరు నవ్వింది. “పదేగా. అయితే రాసి పెట్టేయండి.”

బయటికొచ్చాక ఆయన బండి స్టార్టు చేయబోయి, చేయలేక కాసేపు హ్యాండిల్ పట్టుకుని నిలబడిపోయాడు. ఆవిడ ఆయన వీపు మీద చెయ్యేసి నిమిరింది. అప్పుడు కిక్కు కొట్టాడు.

మౌనవ్రతం మొదటి రోజు నవ్వులపాలైంది. రిపేరక్క ఒక పలక కొని బల్ల మీద పెట్టుకుంది. అడిగినదానికి పలక మీద రాసి చూపిద్దామనుకుంది. రాసేలోపు కస్టమరు ఇంకో రెండు ప్రశ్నలడిగేవాడు. ఒకాయన ఆవిడకి వినిపించడం లేదనుకుని చెవి దగ్గరికొచ్చి, “అమ్మా! బ్యాటరీ!” అని కేకేశాడు. ఇంకొకావిడ తను కూడా మాట్లాడటం మానేసి, చేతులు తిప్పుతూ ఫోను పడిపోయిన వైనమంతా అభినయించింది. సాయంత్రానికి రిపేరక్క చెయ్యి సుద్దమయం, బల్ల మీద పనంతా మిగిలిపోయింది.

ఆ మాట విని నవ్వకుండా ఆలోచించింది ఒక్కరే, ఆమె ఆడపడుచు. ఇంట్లో అందరికీ చిట్టి. రెండు వీధుల అవతల ప్రింటింగు షాపులో శుభలేఖలు, విజిటింగు కార్డులు కంపోజు చేస్తుంది.

“వదినా, పలక తీసి లోపల పెట్టు. కారొసెల్ చేద్దాం,” అంది.

రిపేరక్క కనుబొమ్మలెగరేసింది.

“అదే వదినా, ఫోన్లో ఒక బొమ్మొస్తుంది, వేలితో పక్కకి జరిపితే ఇంకో బొమ్మ, మళ్లీ జరిపితే ఇంకోటి. అలా పది దాకా పెట్టొచ్చు. ఒక్కో బొమ్మ మీద ఒక ప్రశ్న, కింద నీ జవాబు. షాపు పేజీలో పెడదాం, వాట్సాప్‌లో పంపుదాం. అడిగినవాళ్లకి ఫోను చేతికిచ్చి జరుపుకోమను. నువ్వు నోరు తెరవక్కర్లేదు.”

ఆదివారం మధ్యాహ్నం షాపు షట్టరు సగం దించి ఇద్దరూ కూర్చున్నారు. చిట్టి లాప్‌టాప్ ముందు, రిపేరక్క నోటుబుక్కుతో. అక్కడ తెలిసింది, పదిహేనేళ్లుగా నోటితో అలవోకగా చెబుతున్న మాట నాలుగు పంక్తుల్లో పెట్టడం ఎంత కష్టమో. అద్దం సంగతి రిపేరక్క రెండు పేజీలు రాసింది. చిట్టి చదివి తల పట్టుకుంది.

“ఇది శుభలేఖలో వంశవృక్షంలా ఉంది వదినా. పెళ్లెప్పుడో చెప్పు చాలు.”

రిపేరక్క కొట్టేసి మళ్లీ రాసింది. మూడోసారికి అది ఇలా తేలింది: ‘పై అద్దమే పగిలింది, మొత్తం మార్చాలా? చాలా ఫోన్లలో అద్దం, టచ్, లోపలి డిస్‌ప్లే ఒకదానికొకటి అతికించి ఉంటాయి. అద్దం ఒక్కటే విడదీయడానికి వేరే మెషీన్ కావాలి. అది మా దగ్గర లేదు. అందుకే మేం మొత్తం మారుస్తాం.’

“లేదని మనమే చెప్పుకోవాలా?” అంది చిట్టి.

రిపేరక్క పెన్నుతో ఆ పంక్తి కింద గీత గీసింది. ఉంచాల్సిందే.

ఫొటోల ప్రశ్న తేలిగ్గానే తెమిలింది. ‘పోవు. ఫొటోలు ఉండేది డిస్‌ప్లేలో కాదు, మదర్‌బోర్డులో. అయినా రిపేరుకిచ్చే ముందు ఒక కాపీ దాచుకోవడం మంచిది.’ కాపీ డిస్‌ప్లే దగ్గర కాసేపు వాదన జరిగింది. చిట్టి ‘చవక, మన్నిక’ అని రాయబోతే రిపేరక్క పెన్ను లాక్కుంది. ‘పనిచేస్తుంది. కానీ వెలుగు, రంగు కంపెనీదానిలా ఉండవు. తెర మీద వేలిముద్ర పెట్టే ఫోన్లయితే కొన్నిటిలో ఆ వేలిముద్ర పనిచేయదు. ఏది వేస్తున్నామో ముందే చెబుతాం’ అని రాసింది. రాత్రి చార్జింగ్ గురించి: ‘నిండగానే ఫోనే చార్జింగ్ ఆపుకుంటుంది. భయం అక్కర్లేదు. కానీ దిండు కింద, దుప్పటిలో పెడితే వేడి బయటికి పోదు. బ్యాటరీని తొందరగా ముసలిదాన్ని చేసేది ఆ వేడే.’ ముప్పై శాతంలో ఆగిపోయే ఫోను గురించి: ‘వైరస్ కాదు. బ్యాటరీకి వయసైపోయింది. రెండు మూడేళ్లు రోజూ చార్జ్ చేసిన ఏ బ్యాటరీకైనా శక్తి తగ్గుతుంది.’

చివరికి మిగిలింది ఎనిమిదో బొమ్మ, ఉబ్బిన బ్యాటరీ. అన్నిటికంటే ముఖ్యమైనది అదేనని రిపేరక్క పక్కన మూడు చుక్కలు పెట్టి మరీ రాసింది. ఉబ్బిన బ్యాటరీ అంటే లోపల గ్యాసు నిండిన సంచీ. మూత లేచిందని దాన్ని లోపలికి తోస్తే లోపలి పొరలు చిరిగి ఒకదానికొకటి తగులుతాయి. అప్పుడు పొగ, తర్వాత మంట. ఆ మాటలన్నీ పెట్టెలో పట్టలేదు. చిట్టి తగ్గించింది. ఒక పంక్తి ఇంకా బయటికి పొడుచుకొస్తుంటే, దాన్ని చెరిపి మళ్లీ టైపు చేసింది. పైన ఉబ్బిన ఫోను బొమ్మ, దాని మీద బొటనవేలు, అడ్డంగా ఎర్రటి ఇంటూ గుర్తు. బాగా కుదిరింది. ఇద్దరూ పది బొమ్మలూ మొదట్నుంచి చివరిదాకా రెండుసార్లు చదువుకున్నారు. సాయంత్రం అయిదింటికి పోస్టు పెట్టేసి, టీ తెప్పించుకుని తాగారు. చిట్టి చెయ్యి ఎత్తి వదిన చేతికేసి చప్పున కొట్టింది.

సోమవారం పొద్దున్నే ఫలితం కనిపించింది. వచ్చినవాళ్లు ఫోను చూపించి, “చూశామక్కా, పోస్టు చూశాం” అంటూ సూటిగా పని చెప్పి వెళ్లిపోతున్నారు. భర్త తన బస్సులో వచ్చే పిల్లల తల్లిదండ్రుల గ్రూపులో పెట్టాడు. అక్కణ్నుంచి ఎక్కడెక్కడికి వెళ్లిందో. పదకొండింటికల్లా రిపేరక్క బల్ల మీద పనంతా ఖాళీ చేసి, మైక్రోస్కోపు కింద ఒక చార్జింగ్ పిన్నుకి టంకం పెడుతోంది. మనసు తేలిగ్గా ఉంది.

అప్పుడు పక్క మందుల షాపాయన వచ్చి బల్ల మీద మోచేతులానించాడు.

“అక్కా, నీ పోస్టు బ్రహ్మాండం. కానీ నాకొక డౌటు. ఉబ్బిన బ్యాటరీని నొక్కమన్నావేంటి? నేను వాపుకి కాపడం పెట్టమంటాను చూడు, అలాంటిదా?”

రిపేరక్క తలెత్తి చూసింది. చెయ్యి చాపి ఆయన ఫోను తీసుకుంది. ఎనిమిదో బొమ్మ. ‘వెనక మూత లేచిందా? బ్యాటరీ ఉబ్బింది. వెంటనే స్విచాఫ్ చేయండి. చార్జింగ్ పెట్టకండి. గుచ్చకండి. లేచిన మూతను నొక్కండి.’

ఆవిడ మరోసారి చదివింది. వేలితో ఒక్కో అక్షరం కిందా గీస్తూ మళ్లీ చదివింది. ‘నొక్కకండి’ అని ఉండాలి. ఒక క జారిపోయింది. పెట్టెలో పట్టడం కోసం చిట్టి ఆ పంక్తి తిరిగి టైపు చేసినప్పుడు పోయి ఉండాలి. తర్వాత ఇద్దరూ రెండేసిసార్లు చదివారు. ఏమి రాశారో తెలిసిన కళ్లు కాబట్టి లేని అక్షరాన్ని కూడా చూసేశాయి.

చేతిలోని టంకం కడ్డీ స్టాండులో పెట్టేసింది.

తన ఫోను తీసింది. పోస్టు పెట్టాక కింద రాసిన మాటలు మార్చుకోవచ్చు గానీ బొమ్మని మార్చే దారి లేదు. మొత్తం తీసేయాల్సిందే. తీసేసినా, ఇప్పటికే పంపుకున్నవాళ్ల ఫోన్లలో అది ఉండనే ఉంటుంది. ముందు ఎవరెవరు చూశారో తెలుసుకుందామని కింద కామెంట్లు జరిపింది. మెచ్చుకోళ్లు, దణ్ణాలు, చప్పట్లు. వాటి మధ్యలో, గంట క్రితం పెట్టిన కామెంటు ఒకటి:

‘నా ఫోను మూత ఇలాగే లేచింది అక్కా. మంచి టైములో చెప్పావు. నువ్వు చెప్పినట్టే చేస్తాను.’

టైలరమ్మ. మూడు వీధుల అవతల మేడ మీద గదిలో జాకెట్లు కుట్టే మనిషి. రెండు వారాల క్రితం షాపు ముందునుంచి పోతూ, “కవరు వదులవుతోందక్కా, ఒకసారి వస్తా” అని అరిచింది. అప్పటికే బొంగురుపోయిన గొంతుతో రిపేరక్క “వెంటనే తీసుకురా” అంది గానీ, బస్సు మోతలో అది ఆమెకి చేరిందో లేదో తెలియదు. చేరలేదన్నమాట.

ఆవిడ చిట్టికి మెసేజి కొట్టింది: ‘ఎనిమిదో బొమ్మ చూడు. నొక్కండి అని పడింది. టైలరమ్మకి ఫోన్ చెయ్.’ నిమిషంలో జవాబొచ్చింది: ‘అయ్యో వదినా. అయ్యో. చేస్తున్నా.’ ఇంకో నిమిషానికి: ‘స్విచాఫ్ వస్తోంది.’

స్విచాఫ్ అంటే పోస్టులో మొదటి మాట పాటించిందన్నమాట. మొదటిది పాటించిన మనిషి చివరిదీ పాటిస్తుంది. ఆమె చుట్టూ బట్టల పేలికలు, నూలు పీచు, పత్తి లైనింగు గుడ్డలు. రిపేరక్క ఇంకేమీ ఆలోచించలేదు. పోస్టు తీసేసింది. ఉబ్బిన బ్యాటరీల కోసం ఇసుక పోసి ఉంచుకునే రేకు డబ్బా బల్ల కిందనుంచి లాగింది. మందుల షాపాయనకి షాపు చూసుకోమని సైగ చేసి, చెప్పులు వేసుకున్నానో లేదో కూడా చూసుకోకుండా రోడ్డు మీద పడింది.

నలభై ఆరేళ్ల మనిషి, చేతిలో ఇసుక డబ్బా, నోట మాట లేదు. ఎదురైనవాళ్లు “ఏమైందక్కా?” అంటున్నారు. ఆటో ఆపుదామంటే ఎక్కడికో చెప్పే వీల్లేదు. పరుగులాంటి నడకతో మూడు వీధులూ దాటి, మేడ మెట్లు ఎక్కి, తలుపు దగ్గరకొచ్చి లోపలికి చూసింది. టైలరమ్మ ఇటు వీపు పెట్టి, ఇస్త్రీ బల్ల మీదికి వంగి, ఒళ్లు బరువంతా రెండు చేతుల మీదికి తెచ్చి దేన్నో నొక్కుతోంది.

“వద్దూ!”

పన్నెండు రోజులుగా మూసి ఉంచిన గొంతులోంచి ఆ ఒక్క మాట చినిగిన గుడ్డలా వచ్చింది. టైలరమ్మ ఎగిరిపడి వెనక్కి తిరిగింది. ఆమె చేతుల కింద ఉన్నది ఒక చొక్కా కాలరు. లోపల గట్టి గుడ్డ అతికించడానికి ఇస్త్రీ పెట్టెతో అదుముతోంది.

“ఏంటక్కా! గుండె జారిపోయింది! నువ్వు మాట్లాడకూడదన్నారుగా?”

రిపేరక్క గుమ్మానికి చేరగిలబడి, చెవి దగ్గర చెయ్యి పెట్టి ఫోను సైగ చేసింది.

“ఫోనా? మా అత్తగారు ముట్టుకోనివ్వలేదు. అదిగో.”

వరండా ఆ చివర, గోడకి దూరంగా, ఎండ తగలని సిమెంటు మూలలో ఒక స్టీలు పళ్లెం. దాని మధ్యలో ఫోను. వెనక మూత నోరు తెరిచినట్టు ఒక పక్కకి లేచి ఉంది. పక్కనే కుర్చీ వేసుకుని టైలరమ్మ అత్తగారు కాపలా కాస్తోంది. కళ్లద్దాలు, కొసలు జాగ్రత్తగా మడిచి దోపిన కొంగు, ఒళ్లో చిట్టి తయారుచేసిన అదే పోస్టు ఉన్న తన సొంత ఫోను. ముప్పై ఏళ్లు బట్టల మిల్లులో గుడ్డ పరిచి తప్పులు పట్టే ఉద్యోగం చేసిన మనిషి. దారం తెగిన చోటు, అల్లిక జారిన చోటు వేలు పెట్టి చూపించడం ఆవిడ పని.

“నువ్వేనా రాసింది?” అంది ఆవిడ, రిపేరక్కని ఎగాదిగా చూసి. “పైన బొమ్మలో వేలు పెట్టి నొక్కుతుంటే ఎర్ర ఇంటూ కొట్టారు. కింద మాత్రం నొక్కమన్నారు. రెండిట్లో ఏదో ఒకటి తప్పు. ఏది తప్పో తేలేదాకా ముట్టుకోవద్దన్నాను. ఇది నొక్కుతానని ఒకటే గొడవ. దీనికి ఎప్పుడూ అన్నీ తొందరే.”

“అత్తయ్యా, అక్క రాస్తే తప్పుంటుందా అనుకున్నా,” అంది టైలరమ్మ చిన్నబోయి.

రిపేరక్క మెట్టు మీద కూలబడింది. నవ్వూ ఏడుపూ ఒకేసారి ముంచుకొచ్చాయి. రెండిటికీ గొంతు వాడకూడదని గుర్తొచ్చి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. భుజాలు మాత్రం కదులుతూనే ఉన్నాయి. పెద్దావిడ లేచి లోపలికెళ్లి మంచినీళ్లు తెచ్చిచ్చింది.

“తాగు. ఏం కాలేదుగా. తాగు ముందు.”

నీళ్లు తాగి రిపేరక్క పెద్దావిడ పాదాలకి వంగబోతే, ఆవిడ “చాల్లే, చాల్లే” అని భుజం పట్టి ఆపింది.

రిపేరక్క ఫోనుని పళ్లెంలోంచి రెండు వేళ్లతో అంచులు పట్టుకుని ఎత్తి ఇసుక డబ్బాలో పడుకోబెట్టింది. జేబులో, సంచీలో పెట్టకుండా డబ్బా చేత్తో పట్టుకుని షాపుకి నడిచింది. టైలరమ్మ వెంటే వచ్చింది. కస్టమర్లందరి కొలతలూ ఆ ఫోన్లోనే రాసుకుందట, అందుకే మనసంతా దాని మీదే ఉంది.

రిపేరక్క బల్ల దగ్గర కూర్చుంది. పని చేతికి తెలుసు. మూత ఎలాగూ లేచే ఉంది కాబట్టి సన్నటి ప్లాస్టిక్ రేకుతో చుట్టూ విడదీసింది. మొట్టమొదట బ్యాటరీ కనెక్టరు ఊడదీసింది. తర్వాత బ్యాటరీ కింద జిగురు మెత్తబడటానికి అంచుల్లో కొద్ది చుక్కలు స్పిరిట్ వేసి ఆగింది. తొందరపడలేదు. ఇనుప పనిముట్టు దగ్గరికి రానివ్వలేదు. పాత ప్లాస్టిక్ కార్డు ఒకటి అడుగున దూర్చి, వంచకుండా, కొంచెం కొంచెంగా జరుపుతూ వచ్చింది. బ్యాటరీ దిండులా ఉబ్బి ఉంది, చివరికి నెమ్మదిగా ఊడి వచ్చింది. దాన్ని ఇసుకలో పెట్టి మూత వేసింది.

కొత్త బ్యాటరీ పెట్టి ఆన్ చేస్తే ఫోను వెలిగింది. కొలతలన్నీ ఉన్నాయి. టైలరమ్మ ఒక్కో పేరూ జరుపుతూ చూసుకుని, “ఉన్నాయి... ఉన్నాయి... అమ్మయ్య, ఇదీ ఉంది” అంటూ ఉంటే షాపంతా వినిపించింది.

అప్పటికి చిట్టి వచ్చి మెట్టు మీద నిలబడి ఉంది. ప్రింటింగు షాపునుంచి పరుగున వచ్చిన మనిషి, లోపలికి మాత్రం రాలేదు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

“వదినా, శుభలేఖలో పెళ్లికూతురి పేరు తప్పు పడితే మళ్లీ అచ్చేస్తాం. ఇదేమైనా అయి ఉంటే...”

రిపేరక్క చేయి పట్టుకుని లోపలికి లాగి స్టూలు మీద కూర్చోబెట్టింది. నోటుబుక్కు తీసి రాసింది: ‘నేనూ రెండుసార్లు చదివాను. తప్పు ఇద్దరిదీ. ఏడుపు తర్వాత. ముందు దిద్దుదాం.’

దిద్దడం అంటే తప్పు తీసేసి ఊరుకోవడం కాదని ఆవిడకి తెలుసు. కొత్త పోస్టు మొదటి బొమ్మ మీదే పెద్ద అక్షరాల్లో రాయించింది: ‘నిన్న మా పోస్టులో ఒక అక్షరం జారిపోయింది. ఉబ్బిన బ్యాటరీని నొక్కమని పడింది. అది ప్రమాదం. నొక్కడం వద్దు. నిన్నటిది మీ దగ్గరుంటే తీసేసి, దీన్ని పంపండి. తప్పు మాదే.’

“పేరు పోదా వదినా?” అంది చిట్టి.

రిపేరక్క తల అడ్డంగా ఊపింది. చిట్టి టైపు చేస్తుంటే ఆపి, ఇంకొకటి రాసి చూపించింది. ఇకమీదట ‘పెట్టకండి, గుచ్చకండి, నొక్కకండి’ అని రాయడం వద్దు. ఒక్క అక్షరం పోతే చేయొద్దన్న పని చేయమన్నట్టవుతుంది. ‘చార్జింగ్ వద్దు. గుచ్చడం వద్దు. నొక్కడం వద్దు.’ వద్దు అన్నది విడిగా, ఎర్రగా, పెద్దగా ఉండాలి. అందులో ఒక అక్షరం పోయినా తప్పు తెలిసిపోతుంది, అర్థం మాత్రం తిరగబడదు.

చిట్టి ఆ కాగితం అందుకుంది. “పదేళ్లుగా కంపోజింగు చేస్తున్నా, నాకిది తట్టలేదు,” అంది.

పోస్టు పెట్టేముందు ఈసారి తాము చదవడంతో సరిపెట్టుకోలేదు. టైలరమ్మ అత్తగారికి పంపారు. ఆవిడ ఒక్కో బొమ్మకీ ఒక్కో నిమిషం తీసుకుని, ఆరో బొమ్మలో రెండు మాటల మధ్య ఖాళీ ఎక్కువైందని చెప్పింది. అది సర్దాక “ఇక పెట్టుకోండి” అంది.

ఆ మధ్యాహ్నం, మరునాడు మొత్తం చిట్టి ఫోను చేతిలోంచి దించలేదు. పాతది ఎవరెవరికి వెళ్లిందో తెలిసినంతవరకు వెతికి పట్టుకుని ఒక్కొక్కరికీ ఫోన్ చేసింది. భర్త తన బస్సు గ్రూపులో ‘పిల్లల ఫోన్లు కూడా చూడండి’ అని చేర్చి పంపాడు. రిపేరక్క పని చేస్తూనే ప్రతి ఫోను మోతకీ ఉలిక్కిపడింది. ఎవరో ఒకరు నొక్కే ఉంటారన్న భయం తల వెనక గుచ్చుతూనే ఉంది. మంగళవారం సాయంత్రానికి చిట్టి కాగితం మీద అందరి పేర్ల పక్కనా టిక్కు పడింది. నొక్కినవాళ్లు ఒక్కరూ లేరు. ఒకాయన అయితే ఎనిమిదో బొమ్మ దాకా అసలు జరపలేదట.

“మొదటిసారి వదినా, మన పోస్టు పూర్తిగా చదవలేదంటే ఇంత సంతోషంగా ఉంది!” అంది చిట్టి.

చిత్రమేమిటంటే, మొదటి పోస్టుకంటే తప్పు ఒప్పుకున్న పోస్టు చాలా దూరం వెళ్లింది. ఆ వారంలో ఉబ్బిన బ్యాటరీ ఫోన్లు ఆరు వచ్చాయి. ఒకావిడ తన తల్లి బీరువాలో మరిచిపోయిన పాత ఫోను పళ్లెంలో పెట్టుకుని, తల్లిని ముందు నడిపించి, వెనక తను, ఊరేగింపులా వచ్చింది. ఆరింటినీ రిపేరక్క క్షేమంగా విప్పింది. నిండిన ఇసుక డబ్బాని పాత ఎలక్ట్రానిక్ సామాను తీసుకెళ్లే వ్యానువాళ్లకి అప్పగించింది.

మూడు వారాలూ నిండాక డాక్టరుకి ‘వద్దు’ అని అరిచిన సంగతి భయపడుతూనే చీటీ మీద రాసి చూపించింది. డాక్టరు మళ్లీ కెమెరా దించి చూసింది. బుడిపెలు సగానికి సగం తగ్గాయి.

“ఒక్క అరుపుకి ఏం కాదు. అవసరమైన అరుపే అరిచారు,” అంది. “ఇప్పుడు నెమ్మదిగా ఏదైనా ఒక మాట అనండి. బలం పెట్టకండి.”

రిపేరక్క గొంతు సవరించుకోబోయి, అదీ కూడదని గుర్తొచ్చి ఆగింది. గుమ్మం దగ్గర నిలబడ్డ భర్త వైపు చూసింది.

“ఇంటికెళ్దామా?” అంది. మాట మెత్తగా, చెక్కుచెదరకుండా వచ్చింది. ఆయన జేబులోంచి బండి తాళం తీశాడు.

ఇప్పుడు బల్ల మీద ఆ పది బొమ్మలూ అచ్చు వేయించి, లామినేషన్ చేసి, రింగుకి గుచ్చి పెట్టారు. వచ్చినవాళ్లు తిప్పుకుని చూసుకుంటారు. రిపేరక్క మాట్లాడుతుంది గానీ, మెషీన్ మోత ఆగేదాకా ఆగి మాట్లాడుతుంది. మొన్న ఆదివారం వానల్లో తడిసిన ఫోన్ల మీద కొత్త కారొసెల్ తయారైంది. చిట్టి దాన్ని తీసుకుని మేడ మెట్లెక్కింది. పెద్దావిడ కళ్లద్దాలు తుడుచుకుని, పది బొమ్మలూ ముందునుంచి వెనక్కీ, వెనకనుంచి ముందుకీ చదివింది. మళ్లీ ఒకసారి చదివింది. ఎంత వెతికినా ఒక్క తప్పూ దొరకలేదు. ఆవిడ ముఖం చిన్నబోయింది.

“ఉండు, ఇంకోసారి చూస్తాను,” అని చిట్టిని కూర్చోబెట్టి, కోడలిని టీ పెట్టమంది.